నాటుకోడి పొదుగు: గుడ్డు నుంచి గంప దాటేదాకా

నాటుకోడి పెట్ట ఏడాదికి మూడు నాలుగు విడతలుగా గుడ్లు పెడుతుంది. విడతకు 12 నుంచి 18 గుడ్లు. వరసగా రెండు మూడు రోజులు పెట్టి ఒక రోజు మానేస్తూ, దాదాపు ఇరవై రోజుల్లో విడత పూర్తి చేస్తుంది. ఆ తర్వాత ఒకనాటి సాయంత్రం మిగతా కోళ్లతో పాటు గూటికి చేరదు. గుడ్లు పెట్టిన చోటే రెక్కలు పరుచుకుని కూర్చుంటుంది. పల్లెల్లో దీన్నే పెట్ట పొదుగుకు వచ్చిందంటారు.

మొదటి గుడ్డుకూ చివరి గుడ్డుకూ మధ్య ఇరవై రోజుల తేడా ఉన్నా, పిల్లలన్నీ దాదాపు ఒకే రోజు బయటికి వస్తాయి. పుంజు తొక్కిన గుడ్డులో జీవం పెట్ట కడుపులో ఉండగానే మొదలవుతుంది. గుడ్డు బయటపడి చల్లారగానే ఆ ఎదుగుదల ఆగిపోతుంది. చల్లగా ఉన్నంతకాలం పిండం చావదు, పెరగదు. పెట్ట ఒళ్లు తగిలి గుడ్డు మళ్లీ వేడెక్కాకే కదలిక మొదలవుతుంది. అందుకే పెట్ట విడత పూర్తయ్యేదాకా గుడ్ల మీద స్థిరంగా కూర్చోదు. అన్నిటినీ ఒకేసారి వెచ్చబెట్టి, అన్నిటినీ ఒకేసారి బయటికి తీసి, అన్నిటినీ ఒకే మందగా తిప్పుకుంటుంది. పొదుగు వేసే మనిషి చేసే పనుల్లో ఎక్కువ భాగం ఈ ఏకకాలాన్ని చెడిపోకుండా కాపాడడానికే.

పొదుగుకు వచ్చిన పెట్ట

పొదుగుకు వచ్చిన పెట్ట ఒంట్లో ప్రోలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. గుడ్లు పెట్టడం ఆగిపోతుంది, మేత తగ్గుతుంది. పొట్ట కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. ఆ చర్మానికి రక్తం ఎక్కువగా వచ్చి ఒంటి వేడి నేరుగా గుడ్లకు చేరుతుంది. పెట్టను ఎత్తి పొట్ట కింద చేయి పెడితే ఈ వెచ్చదనం స్పష్టంగా తెలుస్తుంది.

బయటికి కనిపించే గుర్తులు కూడా ఉన్నాయి. దగ్గరికి వెళితే ఈకలు విప్పార్చుకుని కసిరినట్టు అరుస్తుంది, చేయి పెడితే పొడుస్తుంది. గూటిలోంచి దింపినా కొక్, కొక్ అంటూ రెక్కలు జార్చుకుని తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. నెత్తిమీది జుట్టు ఎరుపు తగ్గి వెలిసినట్టవుతుంది. రోజుకు ఒకసారి, పెద్ద ముద్దగా, ఘాటైన వాసనతో రెట్ట వేస్తుంది. వీటన్నిటికంటే నమ్మదగిన గుర్తు రాత్రిపూట గూట్లోనే ఉండిపోవడం. పగలంతా కూర్చుని సాయంత్రం లేచి దూలమెక్కే పెట్ట ఇంకా సిద్ధం కానట్టే. అనుమానం ఉంటే పొదిగించని రెండు గుడ్లు కింద పెట్టి రెండు రాత్రులు చూసి, నిలకడగా కూర్చున్న తర్వాతే అసలు గుడ్లు వేస్తారు.

అన్ని పెట్టలూ పొదగవు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా వంటి రకాలలో గుడ్ల దిగుబడి పెంచే క్రమంలో పొదిగే గుణం పోయింది. ఆ కోళ్లు పెంచే ఇళ్లలో గుడ్లు పొదిగించడానికి ఒకటి రెండు నాటు పెట్టలను ఉంచుకుంటారు. అసిల్ జాతి పెట్టలు గుడ్లు తక్కువ పెట్టినా పొదగడంలో, పిల్లలను కాపాడడంలో మొండివి. ఇంతకుముందు ఒకటి రెండు విడతలు పిల్లలను తీసిన పెట్టను ఎంచుకోవడం మేలు. తొలిసారి కూర్చునే పెట్ట మధ్యలో లేచిపోయే అవకాశం ఎక్కువ.

గుడ్లు ఎంచడం, దాచడం

పెట్ట పెట్టిన గుడ్లన్నీ దాని కిందే వదిలేస్తే విడత పూర్తయ్యేసరికి మొదటి గుడ్లకు ఇరవై రోజుల వయసు వస్తుంది. గుడ్డులోని పిండం ఆగి ఉండగలదే గానీ ఎన్నాళ్లయినా ఉండలేదు. వారం లోపు గుడ్లు బాగా పొదుగుతాయి, పది రోజుల వరకు ఫరవాలేదు. ఆపైన రోజురోజుకూ పిల్ల దిగే అవకాశం పడిపోతుంది. అందుకని గుడ్డు పెట్టిన రోజే తీసి, పెంకు మీద బొగ్గుతోనో పెన్సిలుతోనో తేదీ వేసి దాస్తారు. పెట్ట గూటిని మానుకోకుండా ఒక గుడ్డు మాత్రం అక్కడే వదిలేస్తారు.

దాచే చోటు చల్లగా ఉండాలి. పిండం నిద్రలేచే వేడికీ ఎండాకాలపు ఇంటి వేడికీ పెద్ద దూరం లేదు. 27 డిగ్రీలు దాటిన గదిలో గుడ్డులోని పిండం పొదుగు లేకుండానే కొద్దికొద్దిగా పెరగడం మొదలుపెట్టి, తగినంత వేడి అందక మధ్యలోనే చచ్చిపోతుంది. తడి ఇసుకలో సగం దాకా పూడ్చిన మట్టికుండలో, లోపల పొడి తవుడో రాగులో పోసి, గుడ్డు లావు కొన పైకి ఉండేలా నిలబెడితే ఈ ప్రమాదం తగ్గుతుంది. ఇంటి ఫ్రిజ్‌లో పెట్టడం దీనికి మందు కాదు. అక్కడి చలి గుడ్డుకు అవసరమైన దానికంటే చాలా ఎక్కువ.

పొదుగుకు వేసే గుడ్డు ఆ ఇంటి కోళ్లకు మామూలుగా ఉండే పరిమాణంలో, చక్కటి కోల ఆకారంలో ఉండాలి. మరీ పెద్ద గుడ్డులో రెండు సొనలు ఉండవచ్చు. మరీ చిన్నదాంట్లోంచి వచ్చే పిల్ల నీరసంగా ఉంటుంది. రెండు గుడ్లను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తాకిస్తే గట్టి పెంకు ఖంగుమంటుంది, కంటికి కనిపించని చిట్లు ఉన్నది బొంగురుగా పలుకుతుంది. రెట్ట అంటిన గుడ్లను కడగకూడదు. పెంకు మీద ఉండే పలుచని పొర సూక్ష్మజీవులను లోపలికి పోనివ్వదు. నీళ్లతో ఆ పొర పోతుంది. కొద్దిగా అంటితే పొడి గుడ్డతో తుడవడం, ఎక్కువగా అంటితే వంటింటికి పంపడం ఉత్తమం.

గుడ్డుకు పుంజు తొక్కి ఉండాలన్నది చెప్పక్కర్లేని విషయమే గానీ తరచూ మరిచిపోయేదీ అదే. సంక్రాంతి ముందు పుంజులను అమ్మేసిన ఇంట్లో రెండు వారాల తర్వాత పెట్టిన గుడ్లను నమ్మలేం. ఒకసారి తొక్కించుకున్న పెట్ట సుమారు రెండు వారాల దాకానే నిలకడగా మంచి గుడ్లు పెడుతుంది. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు.

గూడు

తట్ట, వెదురుబుట్ట, పాత మూకుడు, ఏదైనా పనికొస్తుంది. అడుగున మూడు నాలుగు వేళ్ల మందాన పొడి మట్టిలోనో ఇసుకలోనో కాస్త బూడిద కలిపి పోసి, మధ్యలో గుంట వచ్చేలా అదిమి, పైన వరిగడ్డి పరుస్తారు. ఆ గుంటలో కొలత ఉంది. మరీ లోతైతే గుడ్లు ఒకదాని మీద ఒకటి పడి పెట్ట బరువుకు పగులుతాయి. మరీ చదునైతే అంచు గుడ్లు దొర్లిపోయి చల్లారతాయి. గుడ్లన్నీ ఒకే వరసలో ఒకదానికొకటి ఆనుకుని, మధ్యకు ఒరిగి ఉంటే గుంట సరిగ్గా కుదిరినట్టు.

బూడిద కోడిపేలను అణచడానికి. పొదిగే పెట్ట రోజంతా కదలదు కాబట్టి పేలు, గోమార్లు దాన్ని పీల్చేస్తాయి. పెట్ట గుడ్లను వదిలి లేచిపోవడానికి తరచూ ఇదే కారణం. గడ్డి కింద ఎండు వేపాకో వావిలాకో వేయడం కూడా ఇందుకే. గూట్లో ఇనుప ముక్క, బొగ్గు, ఎండు మిరపకాయ వేసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. ఉరుముకు గుడ్లు మురిగిపోకుండా ఇనుము కాపాడుతుందని నమ్మకం. ఉరుములు వచ్చే కాలంలో గుడ్లు ఎక్కువగా పోవడం నిజమే గానీ అందుకు ఉరుము కంటే ఆ కాలపు వేడి, ఉక్క, దాచిన గుడ్ల పాతదనం ఎక్కువ కారణాలు.

గూడు చీకటిగా, గాలి ఆడేలా, ఇతర కోళ్లు చేరలేని చోట ఉండాలి. ఇంకో పెట్ట వచ్చి అదే గూట్లో గుడ్డు పెట్టిపోతే ఆ గుడ్డు మిగతావాటికంటే వారం, పది రోజులు వెనకబడుతుంది. పొదిగే గుడ్లన్నిటికీ బొగ్గు గీత పెట్టేది ఇందుకే. పెట్ట మేతకు లేచినప్పుడు గీత లేని గుడ్డు కనిపిస్తే తీసేయవచ్చు. చీమలు పట్టే నేలమీదైతే గూటిని చిన్న పీట మీద ఉంచి, పీట కోళ్ల కింద నీళ్ల చిప్పలు పెడతారు. బయటికి రాబోయే పిల్ల పెంకుకు చిల్లు పెట్టిన గంటల్లోనే చీమలు ఆ తడికి చేరతాయి.

పొదగేయడం

తెలుగు నేల మీద పొదుగుకు అనువైన కాలం కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా. ఏప్రిల్, మే ఎండల్లో దాచిన గుడ్లూ పాడవుతాయి, వేడికి తట్టుకోలేక పెట్ట కూడా లేచి తిరుగుతుంది. వానాకాలంలో గుడ్లు బాగానే దిగినా తడికి, చలికి పిల్లలు నిలవవు.

ఒక చలికాలపు పొదుగును ఉదాహరణగా తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది. పెట్ట డిసెంబర్ 30 నుంచి జనవరి 18 వరకు 16 గుడ్లు పెట్టి పొదుగుకు వచ్చింది. వాటిలో చివరి పది రోజుల గుడ్లు ఎనిమిది. అంతకు ముందువి ఎనిమిదీ కూరకు పోయాయి. పక్కింటి పెట్ట ఆ వారంలో పెట్టిన నాలుగు గుడ్లు కలిపి 12 అయ్యాయి. మధ్యస్థమైన నాటుపెట్ట ఒంటి కింద 10 నుంచి 12 గుడ్లు పూర్తిగా కప్పబడతాయి. పక్కల నుంచి చూసినప్పుడు ఒక్క గుడ్డు కూడా బయటికి కనిపించకపోవడమే కొలమానం. పదిహేను వేస్తే మూడు ఎక్కువ పిల్లలు రావు. పెట్ట గుడ్లను లోపలికీ బయటికీ మారుస్తూ ఉంటుంది కాబట్టి అన్నీ వంతులవారీగా చల్లారి మొత్తం దిగుబడి పడిపోతుంది.

జనవరి 20 రాత్రి గుడ్లను గూట్లో పేర్చి, పెట్టను ఎత్తి వాటి పక్కన దించితే అది తనంతట తానే గుడ్ల మీదికి జరుగుతుంది. పగలు చోటు మారిస్తే పెట్ట పాత చోటును వెతుక్కుంటూ పోతుంది. చీకట్లో మారిస్తే తెల్లవారేసరికి కొత్త చోటుకు అలవాటు పడుతుంది. పన్నెండు గుడ్లకూ ఆ రాత్రే వేడి మొదలైంది కాబట్టి 21 రోజులు కలిపితే ఫిబ్రవరి 10న పిల్లలు దిగాలి.

ఇరవై ఒక్క రోజులు

పెట్ట ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. గుడ్డుకు చేరేది 37.5 నుంచి 38 డిగ్రీల దాకా. మనిషి దీంట్లో చేయగలిగిందేమీ లేదు. గుడ్లు తిప్పే పని కూడా పెట్టదే. పగలూ రాత్రీ ముక్కుతో గుడ్లను తన వైపు లాగుతూ, అంచువాటిని మధ్యకూ మధ్యవాటిని అంచుకూ మారుస్తుంది. తిప్పకపోతే సొన మీద తేలే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుని చచ్చిపోతుంది. చివరి మూడు రోజులు మాత్రం తిప్పడం అవసరం లేదు. అప్పటికి పిల్ల బయటికి వచ్చే భంగిమలో సర్దుకుంటుంది.

మనిషి చూడవలసింది పెట్ట తిండి. అది రోజుకొకసారి లేచి, పావుగంట నుంచి అరగంట లోపు తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి, దుమ్ములో పొర్లాడి తిరిగి వస్తుంది. ఈ కాస్త చల్లదనం గుడ్లకు హాని చేయదు. జొన్నలు, వడ్లు, మొక్కజొన్న వంటి గింజలు, నీళ్లు గూటికి దగ్గరలోనే పెడితే తొందరగా తిని వచ్చేస్తుంది. ఈ రోజుల్లో తవుడు ముద్ద కంటే గింజలు మేలు, రెట్ట గట్టిగా ఉండి గూడు పాడవదు. కొన్ని పెట్టలు రెండు మూడు రోజులైనా లేవవు. అలాంటిదాన్ని రోజూ ఒకే వేళకు, రెక్కల కింద గుడ్డు ఇరుక్కోలేదని చూసుకుని, రెండు చేతులతో ఎత్తి మేత దగ్గర దించాలి. లేకపోతే పెట్ట చిక్కి, చివరి వారంలో ఆకలికి గుడ్లు వదిలేస్తుంది.

ఏడో రోజు రాత్రి, అంటే ఈ ఉదాహరణలో జనవరి 27న, గుడ్లను టార్చి వెలుగులో చూస్తారు. గది చీకటి చేసి, పిడికిలి సందులోంచి వెలుగు వచ్చేలా టార్చి పట్టుకుని, గుడ్డు లావు కొనను ఆనించాలి. లోపల పిండం ఉంటే చిన్న నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా పాకిన ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా లోపలంతా ఒకే పసుపు వెలుగు నిండితే అది పుంజు తొక్కని గుడ్డు, లేదా మొదలవకముందే పోయిన గుడ్డు. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరం మాత్రమే ఉంటే పిండం రెండు మూడు రోజులు పెరిగి చచ్చిపోయిందని అర్థం. ఈ రెండు రకాలనూ తీసేయాలి. ఉంచితే మురిగి, లోపల గాలి పెరిగి, పగిలి మిగతా గుడ్ల మీద చిందుతాయి. ఉదాహరణలో పన్నెండింటిలో ఒకటి ఖాళీగా, ఒకటి ఉంగరంతో బయటపడ్డాయి. పది మిగిలాయి.

తీసేసిన గుడ్ల స్థానంలో కొత్తవి వేయాలనిపిస్తుంది గానీ వేయకూడదు. అవి వారం వెనకబడి, ముందు దిగిన పిల్లలతో తల్లి లేచిపోయినప్పుడు సగంలో చల్లారిపోతాయి.

ఉంగరాలు ఎక్కువగా కనిపిస్తే దాచేటప్పుడు వేడి తగిలిందనుకోవాలి. ఖాళీగా ఉన్నవి ఎక్కువైతే పుంజు సంగతి చూసుకోవాలి. చివరి రోజుల్లో పిల్లలు పెంకులోనే చచ్చిపోతే గుడ్ల పాతదనం, పెట్ట తరచూ లేవడం, గూడు మరీ పొడిగా ఉండడం వంటివి కారణాలు. ఇలా చూసుకుంటే ప్రతి పొదుగూ తర్వాతి పొదుగుకు ఏం మార్చాలో చెబుతుంది.

పద్దెనిమిదో రోజు నాటికి టార్చి వెలుగులో గుడ్డంతా నల్లగా, లావు కొనలో గాలి గది మాత్రమే తెల్లగా కనిపిస్తుంది. కొన్ని ఊళ్లలో అప్పుడు గుడ్లను గోరువెచ్చని నీళ్లలో వదిలి చూస్తారు. లోపల బతికున్న పిల్ల కదిలితే నీళ్ల మీద గుడ్డు ఊగుతుంది. పరీక్ష నిజమే గానీ ప్రమాదం కూడా ఉంది. అప్పటికే పెంకుకు చిల్లు పడి ఉంటే పిల్ల మునిగి చస్తుంది. టార్చి ఉన్నచోట దీని అవసరం లేదు.

పెంకు పగిలే రోజు

పంతొమ్మిది, ఇరవై రోజుల మధ్య పిల్ల ముక్కుతో గాలి గదిలోకి పొడుచుకుని మొదటిసారి ఊపిరి తీసుకుంటుంది. చెవి పెడితే లోపల కిచకిచ వినిపిస్తుంది, పెట్ట కూడా సన్నగా బదులిస్తుంది. తర్వాత పైముక్కు కొన మీద ఉన్న చిన్న గట్టి ముల్లుతో పెంకుకు చిల్లు పెడుతుంది. అక్కడి నుంచి బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఈ సమయంలో పిల్ల ఊరికే ఉన్నట్టు కనిపించినా లోపల రెండు పనులు జరుగుతుంటాయి. పొరలోని రక్తం పిల్ల ఒంట్లోకి తిరిగి చేరుతుంది, మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా కడుపులోకి పోతుంది. ఈలోగా జాలిపడి పెంకు ఒలిస్తే రక్తం కారుతుంది, బొడ్డు మూసుకోని పిల్ల రెండు మూడు రోజుల్లో పోతుంది. పొర ఎండి పిల్లకు అతుక్కుపోయి, రోజు దాటినా చిల్లు పెరగనప్పుడు మాత్రమే వేలితో తడి అద్ది పొరను మెత్తబరచవచ్చు.

కడుపులోకి వెళ్లిన ఆ పచ్చసొన పిల్లకు రెండు రోజుల తిండి. ముందు దిగిన పిల్ల ఆకలికి అలమటించదు కాబట్టే తల్లి చివరి పిల్ల వచ్చేదాకా గూడు దిగకుండా ఉండగలుగుతుంది. మొదటి పిల్ల తర్వాత 24 గంటలు గూటిని కదిలించకుండా, ఖాళీ పెంకులు మాత్రం తీసేస్తే సరిపోతుంది. ఉదాహరణలో ఫిబ్రవరి 11 ఉదయానికి తొమ్మిది పిల్లలు దిగాయి, ఒకటి పెంకులోనే పోయింది. మంచి పొదుగంటే ఇంతే. పన్నెండుకు పన్నెండూ దిగడం అరుదు.

గంప కింద

పిల్లలు దిగాక అసలు నష్టం మొదలవుతుంది. చూసీచూడకుండా వదిలేసిన మందలో మొదటి రెండు నెలల్లో సగం పిల్లలు పోవడం వింతేమీ కాదు. కాకి, గద్ద, పిల్లి, ముంగిస కొన్నిటిని ఎత్తుకుపోతాయి. తడి, చలి కొన్నిటిని చంపుతాయి. మిగతావి తెగులుకు పోతాయి. కోడిగంప ఈ మూడింటిలో మొదటి రెండిటికి జవాబు.

రోజుల పిల్లకు ఒంటి వేడి నిలుపుకునే శక్తి ఉండదు. మొదటి వారం దానికి 33 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున ఆ అవసరం తగ్గుతుంది. తల్లి రెక్కల కింద ఇది తనంతట తానే దొరుకుతుంది. చల్లబడిన పిల్ల లోపలికి దూరుతుంది, వెచ్చబడింది తల బయటికి పెడుతుంది. తల్లి ఊరంతా తిరిగితే పిల్లలు వెనకబడి చల్లారిపోతాయి కాబట్టి మొదటి పది రోజులూ తల్లీపిల్లలను పొడి నేల మీద ఊక పరిచి, గంప కింద ఉంచాలి. పది రోజులు దాటాక ఎండ పొద్దెక్కినప్పుడు కాసేపు వదిలి, సాయంత్రం మంచు పడకముందే మళ్లీ మూయాలి. నాలుగో వారానికి రెక్క ఈకలు వచ్చి పిల్లలు తల్లితో పాటు తిరగగలుగుతాయి.

గంప అల్లికలోని సందు కూడా ఒక పనిముట్టే. పిల్ల పట్టి తల్లి పట్టని సందు ఉంటే పిల్లల మేతను గంప బయట, పైన వల కప్పి పెట్టవచ్చు. తల్లి దాన్ని తినేయలేదు. పిల్లలు బయటికి వచ్చి తిని, తల్లి పిలుపుకు లోపలికి పరిగెడతాయి.

మొదట ఇవ్వవలసింది మేత కాదు, నీళ్లు. కాచి చల్లార్చిన నీళ్లలో కాస్త బెల్లం కలిపి, లోతులేని మూకుట్లో పోసి, గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగకుండా రాళ్ల సందుల్లో తాగుతాయి. కొబ్బరిచిప్ప కూడా ఇందుకు పనికొస్తుంది గానీ దొర్లకుండా మట్టిలో పాతాలి. రెండో రోజు నుంచి సన్నని నూకలు, విరిచిన జొన్నలు, రాగులు చల్లితే తల్లి ఒక్కొక్క గింజనూ ముక్కుతో ఎత్తి కింద వదులుతూ ప్రత్యేకమైన పిలుపుతో పిల్లలకు తిండి ఏదో నేర్పుతుంది.

నూకలతో మాత్రమే పెరిగిన పిల్లకు పొట్ట నిండుతుంది గానీ ఈక రాదు. మొదటి నెలలో పిల్ల మేతలో అయిదో వంతు మాంసకృత్తులు ఉండాలి. ఆరుబయట ఇది పురుగుల వల్ల అందుతుంది. గంప కింద ఉన్నన్నాళ్లు మనిషే అందించాలి. కొనగలిగినవారు కోడిపిల్లల దాణా పెడతారు. పల్లెల్లో పాత పద్ధతి చెదలు. పాత కుండలో చింకి గోనె, ఎండుపేడ, వరిగడ్డి తొక్కి, నీళ్లతో తడిపి, చెదలు కనిపించే చోట సాయంత్రం బోర్లిస్తారు. తెల్లవారేసరికి లోపలికి చెదలు ఎక్కి ఉంటాయి. కుండ తెచ్చి గంప పక్కన దులిపితే పిల్లలు నిమిషాల్లో ఏరుకు తింటాయి. ఎండెక్కితే చెదలు తిరిగి నేలలోకి దిగిపోతాయి కాబట్టి కుండను పొద్దున్నే తీయాలి. చెదలు దొరకని రోజు ఉడికించిన గుడ్డును పొడిచేసి నూకల్లో కలిపినా సరిపోతుంది.

మూడో వారం తర్వాత పిల్లలు ఈకలు దించుకుని ముడుచుకుని కూర్చుని, రెట్టలో రక్తం కనిపిస్తే రక్తపారుడు అనుకోవాలి. తడిసిన ఊకలో దాని పరాన్నజీవి పెరుగుతుంది. పశువైద్యుడి మందుతో పాటు ఊక మార్చి, గంపను పొడి చోటికి జరపకపోతే అది మళ్లీ వస్తుంది.

కొక్కెర తెగులు, టీకా

నాటుకోళ్లను మందలకు మందలుగా తుడిచిపెట్టేది రాణిఖేత్ వ్యాధి. పల్లెల్లో కొక్కెర తెగులంటారు. ఆకుపచ్చటి పారుడు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, రెక్కలు వాలిపోవడం, మెడ మెలితిరగడం దాని గుర్తులు. వైరస్ వల్ల వచ్చే దీనికి వచ్చాక మందు లేదు, టీకా ఒక్కటే ఉంది. పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా టీకాను కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేస్తారు, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి. ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకాను చర్మం కింద అర మిల్లీలీటరు ఇస్తారు. ఉదాహరణలోని పిల్లలకు ఇవి ఫిబ్రవరి 17, మార్చి 10, ఏప్రిల్ 7 తేదీల్లో పడతాయి. పుట్టిన రోజే వేయకపోవడానికి కారణం ఉంది. టీకా వేయించుకున్న తల్లి రక్తంలోని రక్షణ పచ్చసొన ద్వారా పిల్లకు కొద్దిరోజులు ఉంటుంది, అది ఉండగా టీకా సరిగా పట్టదు.

టీకా పొడిగా సీసాలో వస్తుంది. ద్రవం కలిపాక ఐసులో ఉంచి రెండు గంటల లోపు వాడేయాలి. సీసాకు వంద డోసులు, అంతకు మించి ఉంటాయి. తొమ్మిది పిల్లలున్న ఇల్లు ఒక సీసా తెప్పించడం దండగ, అందుకే చాలామంది టీకానే మానేస్తారు. దీనికి పరిష్కారం పొదుగు దగ్గరే ఉంది. వీధిలోని పది ఇళ్ల వాళ్లు పొదుగుకు వచ్చిన పెట్టలను ఒకే వారంలో కూర్చోబెడితే, మూడు వారాల తర్వాత దాదాపు వంద పిల్లలు ఒకే వయసులో ఉంటాయి. ఒక సీసా, ఐసు పోసిన ఒక ఫ్లాస్కు, ఒక పొద్దుటి పనితో అన్నిటికీ చుక్క పడుతుంది. పొదుగుకు తొందరగా వచ్చిన పెట్టను మూడు నాలుగు రోజులు ఉత్తుత్తి గుడ్ల మీద కూర్చోబెట్టి మిగతావాటితో కలపవచ్చు.

తల్లి విడిచేదాకా

ఎవరూ జోక్యం చేసుకోకపోతే నాటుపెట్ట పిల్లలను రెండు నుంచి మూడు నెలల దాకా తిప్పుకుని, తర్వాత పొడిచి దూరం చేస్తుంది. ఆపైన మళ్లీ గుడ్లకు వస్తుంది. గుడ్లు పెట్టడానికి ఇరవై రోజులు, పొదుగుకు మూడు వారాలు, పిల్లలకు రెండు మూడు నెలలు కలిపితే ఒక విడతకు నాలుగు నెలలు. ఏడాదికి మూడు విడతలు అనే లెక్క ఇక్కడి నుంచే వస్తుంది.

ఈ వ్యవధిని రెండు విధాల తగ్గించవచ్చు. ఒకే రోజు పిల్లలు దిగిన రెండు పెట్టలు ఉంటే, రాత్రిపూట ఒకదాని పిల్లలను రెండోదాని రెక్కల కిందికి చేర్చాలి. వయసు తేడా రెండు రోజులకు మించకపోతే తల్లి అన్నిటినీ తనవే అనుకుంటుంది. మంచి పెట్ట పదిహేను, ఇరవై పిల్లలను సాకగలదు. ఖాళీ అయిన పెట్టకు మేత పెంచితే కొద్ది వారాల్లో మళ్లీ గుడ్లకు వస్తుంది. రెండో దారి, ఈకలు వచ్చిన నాలుగైదు వారాల పిల్లలను తల్లి నుంచి వేరు చేయడం. దీనికి పిల్లలకు మూసిన గూడు, నిలకడైన మేత ఉండాలి. చలికాలం రాత్రుల్లో బల్బు వెచ్చదనం కూడా కావాలి. ఇవి లేని ఇంట్లో తల్లిని ముందుగా విడదీస్తే అదనంగా వచ్చే గుడ్ల కంటే పోయే పిల్లలే ఎక్కువ.

గుడ్లే కావాలనుకున్నప్పుడు పొదుగుకు వచ్చిన పెట్టను నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం వంటి పనులు చేస్తారు. పెట్టను హింసించడం తప్ప వాటి అవసరం లేదు. పొట్ట కింద వెచ్చదనం నిలిచినన్నాళ్లే పొదుగు గుణం నిలుస్తుంది. అడుగున సందులున్న బుట్టలోనో తీగల గూట్లోనో, గడ్డి పరవకుండా, కింది నుంచి గాలి తగిలేలా ఎత్తున పెట్టి, మేత, నీళ్లు మామూలుగానే ఇస్తే మూడు నాలుగు రోజుల్లో పొదుగు విడుస్తుంది. అక్కడి నుంచి రెండు మూడు వారాలకు తర్వాతి విడత మొదటి గుడ్డు వస్తుంది.